ఎవరి అత్తయ్య?

మా అమ్మమ్మ ట్రంకుపెట్టెలో దొరికిన ఒక ఫొటో వెనక, నీలం సిరాతో గుండ్రటి అక్షరాల్లో ఇలా ఉంది: "అత్తయ్య, పెద్ద మామయ్య, బుజ్జి. బాపట్లలో." ఎవరో పుణ్యాత్ములు వివరం రాసిపెట్టారని మొదట మురిసిపోయాం. అసలు చిక్కు తర్వాత తెలిసింది. ఎవరి అత్తయ్య? రాసిందెవరో తెలిస్తేనే అత్తయ్య ఎవరో తెలుస్తుంది. రాసినవాళ్ళేమో తమ పేరు రాసుకోలేదు. ఇక బుజ్జిలు మా ఇంట్లోనే నలుగురున్నారు.

మనం మనిషిని పేరుతో పిలిచేది తక్కువ, వరస పెట్టి పిలిచేదే ఎక్కువ. వరస అంటే పిలిచే మనిషి నిలబడ్డ చోటు నుంచి కొలిచిన దూరం. ఆ మనిషి పోయాక కొలత మిగులుతుంది కానీ, ఎక్కడి నుంచి కొలిచారో చెప్పేవాళ్ళుండరు. కాబట్టి పాత ఫొటోలు పట్టుకుని పెద్దవాళ్ళ దగ్గర కూర్చునేవాళ్ళకు ఉన్న పని, వాళ్ళ నోట్లోని వరసని కాగితం మీద పేరుగా మార్చుకోవడం. వినడానికి తేలిగ్గా ఉంటుంది. మా ఇంట్లో ఒక్క పెళ్ళి ఫొటోకి రెండు ఊళ్ళూ మూడు ఆదివారాలూ పట్టాయి.

అది అమ్మమ్మ, తాతయ్యల పెళ్ళి గ్రూపు ఫొటో. దళసరి అట్టకు అంటించి ఉంది. మొత్తం 23 మంది: కొందరు నేలమీద, కొందరు కుర్చీల్లో, మిగతావాళ్ళు వెనక నిలబడి. అమ్మమ్మా తాతయ్యా ఇప్పుడు లేరు. ఆ ఫొటోలో ఉన్నవాళ్ళలో మిగిలింది ఇద్దరే. తెనాలిలో ఉన్న చిన్నమ్మమ్మ, అంటే అమ్మమ్మ చెల్లెలు, ఆ పెళ్ళినాటికి పన్నెండేళ్ళ పిల్ల. ఏలూరులో ఉన్న చినతాతయ్య, అంటే పెళ్ళికొడుకు తమ్ముడు, అప్పటికి కాలేజీలో చేరిన కుర్రాడు.

అసలు ఫొటోని ఆవిడ చేతికివ్వలేదు. శుక్లాల ఆపరేషనైన కళ్ళకి అరచేతంత ఫొటోలో గోరంత ముఖాలు ఆనవు. స్కాన్ చేయించి, ఎ4 కాగితం మీద పెద్దగా ప్రింటు తీయించాం. దాని మీద బటర్ పేపరు పరిచి, ఒక్కొక్క తల చుట్టూ గీత గీసి, ఎడమ నుంచి కుడికి 1 నుంచి 23 వరకు నంబర్లు వేశాం. ఎడమంటే ఫొటో చూసేవాళ్ళ ఎడమ. ఆ సంగతి కూడా కాగితం మీదే రాసుకోవాలి, లేకపోతే రేపు ఎవరో ఒకరు తిరగేసి చదువుతారు. మాటలు ఫోనులో రికార్డు చేశాం. అక్కడొక పొరపాటు చేశాను. మొదటి అరగంట వింటే "ఈయన మా మేనమామ, ఈవిడ ఆయన భార్య, వీడు వాళ్ళబ్బాయి" అని చక్కగా వినిపిస్తోంది. వేలు ఎవరి మీద పెట్టి చెప్పిందో రికార్డులో కనబడదుగా! మర్నాటి నుంచి ప్రతి ముఖానికీ ముందు నేనే "ఇప్పుడు పదకొండో నంబరు" అని గట్టిగా చెప్పి అడిగాను.

ఇంకో పొరపాటు ఇంతకంటే పెద్దది. మధ్య కుర్చీలో కండువాతో కూర్చున్న పెద్దమనిషి, 4వ నంబరు, మా ముత్తాతేనని నాకు నమ్మకం. "చిన్నమ్మమ్మా, ఈయన మీ నాన్నగారే కదా?" అన్నాను. "ఆఁ, నాన్నే" అంది. ఇరవై నిమిషాల తర్వాత 8వ నంబరు దగ్గర ఆగి, "ఇదిగో నాన్న. చూడు, బొత్తాం ఎప్పుడూ పెట్టుకునేవాడు కాదు" అంది. మరి 4? "ఆయనెవరో పెద్దాయన. నువ్వు నాన్నంటే కాబోలనుకున్నా." ఆవిడ అబద్ధమాడలేదు. ప్రేమగా అడిగేవాళ్ళ మాట కాదనడం పెద్దవాళ్ళకు ఇష్టముండదు, పైగా ఒకసారి ఔనన్నాక అదే జ్ఞాపకంగా కుదురుకుంటుంది కూడా. అందుకని పేరు మనం అందించకూడదు. "ఇక్కడ నీకు తెలిసినవాళ్ళెవరు?" అని వదిలేయాలి. తట్టకపోతే పేరు కాకుండా చుట్టుపక్కల సంగతులు అడగాలి: ఈయన ఎవరింట్లో దిగేవాడు, ఏం పనిచేసేవాడు, గొంతెలా ఉండేది. 15వ నంబరు పేరు ఎంతసేపటికీ రాలేదు. "ఈవిడ మీ ఇంటికొస్తే ఏం తెచ్చేది?" అంటే "తేగలు" అంది వెంటనే, ఆ వెనకే పేరూ ఊరూ ఇంటిపేరూ వచ్చేశాయి.

నగల్ని చూసి మాత్రం మనిషిని పోల్చుకోకూడదట. ఇది చిన్నమ్మమ్మే చెప్పింది. 13వ నంబరు మెడలో కాసులపేరు చూసి మా అమ్మ ఏదో అనబోతే, "అది మా అమ్మది. ఆ రోజు ముగ్గురు మార్చుకున్నారు" అని కొట్టిపారేసింది.

11వ నంబరు వెనక నిలబడ్డ పదిహేడేళ్ళ అబ్బాయి. దాని దగ్గరికొచ్చేసరికి ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎవరు చిన్నమ్మమ్మా?"

"ఆయన."

"ఆయనంటే?"

"ఆయనేనే."

తర్వాత ఆరేళ్ళకి ఆవిడని చేసుకున్న చిన తాతగారు ఆయన. మొగుడి పేరు ఎనభై దాటినా నోటితో చెప్పదు. మేం పట్టుబడితే "రేషన్ కార్డులో ఉంది, చూసుకో" అంది. నవ్వుకున్నాం గానీ, రికార్డు విన్నవాళ్ళకి ఆ తరం ఆడవాళ్ళ నోట సగం కుటుంబం "ఆయన", "మీ తాతగారు" అనే వినిపిస్తుంది. పక్కనున్నవాళ్ళు అప్పటికప్పుడే ఆ పేరు పైకి చెప్పి రికార్డులో పడేలా చూడాలి.

ఆయన పక్కనున్న 12వ నంబరుని "మామయ్య" అంది. ఇక్కడ మేనరికం అడ్డొచ్చింది. ఆయన ఆవిడకి మేనమామా, తర్వాత మామగారూ. అదే మనిషి పెళ్ళికొడుకు వైపు నుంచి చూస్తే ఇంకేదో అవుతాడు. అప్పటి నుంచి ప్రతి మనిషికీ ఒకే కొలబద్ద పెట్టుకున్నాం: పెళ్ళికూతురికి ఏమవుతారు? "పెళ్ళికూతురి తల్లికి అన్న" అని రాస్తే వందేళ్ళ తర్వాత కూడా అర్థం మారదు. పేరు ఒక్కటే రాసినా చాలదు. తాత పేరు మనవడికి పెడతారు కాబట్టి మా ఇంట్లో ఒకే ఇంటిపేరూ ఒకే పేరూ ఉన్నవాళ్ళు మూడు తరాల్లో ముగ్గురున్నారు. తండ్రి పేరు కూడా రాస్తేనే ఎవరెవరో విడిపోతుంది. ఆడవాళ్ళకి పుట్టింటి ఇంటిపేరు, దత్తత వెళ్ళినవాళ్ళకి పాత ఇంటిపేరు అడిగి మరీ రాసుకున్నాం. అడగకపోతే చెప్పరు. వాళ్ళకది అందరికీ తెలిసిన విషయం.

ఒక్కసారి కూర్చుంటే నలభై నిమిషాలు. ఆ తర్వాత ఆవిడ జవాబులు పొట్టివవుతాయి, అన్నిటికీ "ఏమో" అంటుంది, లేదా అన్నిటికీ "ఔను" అంటుంది. రెండోది ఎక్కువ ప్రమాదం.

ఏడాది ఏదన్నది మాకింకో పాఠం. ఫొటో అట్ట వెనక "విజయ" అని ఒక్క ముక్క ఉంది. ఎవరిదో పేరనుకున్నాం. ట్రంకులోనే శుభలేఖ దొరికాక తెలిసింది, అది విజయ నామ సంవత్సరం. అరవై ఏళ్ళకోసారి తిరిగొచ్చే పేరు కాబట్టి 1953 అయినా కావాలి, 2013 అయినా కావాలి. ఇక్కడ సందేహం లేదు, 1953 అని రాసేశాం. మళ్ళీ శుభలేఖ చదివిన మా నాన్న ఆపాడు. లగ్నం ఫాల్గుణ శుద్ధంలో ఉంది. తెలుగు ఏడాది ఉగాదికి మొదలై ఉగాదికి ముగుస్తుంది, అందులో ఫాల్గుణం ఆఖరి నెల. అంటే పెళ్ళి జరిగింది 1954 మార్చిలో. శుభలేఖల్లో ఇంగ్లీషు తేదీ లేకపోతే, పుష్య, మాఘ, ఫాల్గుణాల పెళ్ళిళ్ళ దగ్గర ఈ ఒక్క ఏడాది తేడా వచ్చే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

శుభలేఖలు లేని ఫొటోలకి పెద్దవాళ్ళని ఏ సంవత్సరమని అడిగి లాభం లేదు. ఉప్పెనకి ముందా తర్వాతా అని అడిగితే చిన్నమ్మమ్మ తడుముకోదు, 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన ఆవిడ మనసులో గీత గీసినట్టుంది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినరోజు తలుపులేసుకుని కూర్చున్నది కూడా అలాంటిదే. "గ్రహణానికి వీడు పుట్టాడా?" అంటే చాలు, చంటిపిల్లల ఫొటోలు ఏడాది అటూఇటూగా తేలిపోతాయి.

తర్వాతి వారం అదే ప్రింటు, పేర్లు లేకుండా నంబర్లతో, ఏలూరు తీసుకెళ్ళాం. చిన్నమ్మమ్మ ఏం చెప్పిందో చినతాతయ్యకి చెప్పలేదు. ఆవిడ 15 మందిని గుర్తుపట్టింది, ఆయన 12 మందిని. ఇద్దరూ చెప్పినవి 7. వాటిలో ఐదు కలిశాయి, రెండు కలవలేదు.

కలవని వాటిలో 6వ నంబరు ఒకటి. పెళ్ళికొడుకు పక్కనే కుర్చీలో కూర్చున్నావిడ. "అక్క అత్తగారు" అంది చిన్నమ్మమ్మ. పెళ్ళికొడుకు పక్కన కూర్చున్న పెద్దావిడ తల్లి కాక ఎవరవుతారు? చినతాతయ్య చాలాసేపు చూసి, "మా పెద్దమ్మ" అన్నాడు. "అమ్మ ఇందులో లేదు. నాన్న పోయి అప్పటికి రెండేళ్ళు. ఫొటోవాడు పిలిస్తే తలుపు వెనకే నిలబడింది, రాలేదు." సొంత తల్లి సంగతి కాబట్టి ఆయన మాటే తీసుకున్నాం. చిన్నమ్మమ్మ చెప్పింది కూడా కొట్టివేయకుండా పక్కన రాసిపెట్టాం. అప్పటిదాకా మేం ఫొటోలో ఉన్నవాళ్ళ గురించే అడిగాం, లేనివాళ్ళెవరని అడగాలని మాకు తోచలేదు.

రాసే పని చివరికి మిగిలింది. బాల్‌పెన్నుతో ఫొటో వెనక రాస్తే అక్షరాలు ముందుకి ఉబ్బుతాయి, జెల్ ఇంకు పక్క ఫొటోకి అంటుకుంటుంది. పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటోల వెనక కాగితం కాస్త గరుకుగా ఉంటుంది కాబట్టి 2బి పెన్సిలు బాగా పడుతుంది. ముఖాలు వచ్చే చోట కాకుండా అంచున, నొక్కకుండా రాయాలి. తర్వాత వచ్చిన రంగుల ఫొటోల వెనక ప్లాస్టిక్ పూత ఉంటుంది, దాని మీద పెన్సిలు జారిపోతుంది. వాటికి వెనక ఏమీ రాయకుండా, విడిగా కాగితపు కవరు మీద ముందే రాసి అందులో పెట్టాం. జిగురు పేజీల ఆల్బంలో ఇరుక్కున్నవాటిని పీకలేదు, పేజీకి పేజీ ఫొటో తీసుకుని వదిలేశాం.

స్కాన్ చేసిన దానికి కింద తెల్లటి జాగా పెంచి, నంబర్ల బొమ్మా పేర్లూ ఫొటోలోనే కనబడేలా టైపు చేయించాం. ఫైలు లోపల దాచి రాసే వివరాలు వాట్సాప్‌లో ఫొటోగా పంపగానే పోతాయి, ఫొటో కూడా కుంచించుకుపోతుంది. డాక్యుమెంటుగా పంపితే రెండూ నిలుస్తాయి. కానీ మా బంధువుల్లో ఎందరు అలా పంపుతారో నాకు తెలుసు.

ఇద్దరూ కలిపి చెప్పింది 20 మందిని. ముగ్గురు ఎవరికీ తెలియలేదు. ఇద్దరికీ కలవని రెండో ముఖం, 19వ నంబరు, ఇంకా తేలలేదు. అట్ట వెనక ఆ వరుస ఇలా ఉంది: "19. చిన్నమ్మమ్మ: పెళ్ళికూతురి తల్లికి పినతల్లి కొడుకు, గుంటూరు. చినతాతయ్య: పెళ్ళికొడుకు స్నేహితుడు, కాలేజీ. ఇద్దరూ గట్టిగా చెప్పలేదు." కింద మా అమ్మ పేరూ నా పేరూ, అడిగిన తేదీలూ రాశాం.