జత కుదిరిందో లేదో చెప్పే పట్టిక

1996లో అమెరికా వైద్య పత్రిక 'జామా'లో వచ్చిన ఒక అధ్యయనం ఐసీయూ డాక్టర్లను ఉలిక్కిపడేలా చేసింది. మెడ దగ్గరో తొడ దగ్గరో సిరలోంచి సన్నని గొట్టాన్ని గుండె కుడి గదుల మీదుగా ఊపిరితిత్తుల ధమని దాకా పంపి, అక్కడి పీడనాలు కొలిచే పద్ధతి ఒకటుంది. 1970లో స్వాన్, గాంజ్ అనే ఇద్దరు వైద్యులు కొసన చిన్న బెలూన్ ఉన్న గొట్టాన్ని పరిచయం చేశాక ఆ పని మంచం దగ్గరే చేయడం సులువైంది. పాతికేళ్లలో అది ఐసీయూల్లో మామూలు విషయమైపోయింది. గుండె ఎంత రక్తం తోడుతోందో తెలిస్తే వైద్యం మెరుగవుతుందని అందరూ నమ్మారు. ఆల్ఫ్రెడ్ కానర్స్ బృందం రాసిన ఆ అధ్యయనం మాత్రం, గొట్టం వేసిన రోగులు ఎక్కువగా చనిపోతున్నారని చెప్పింది.

ఈ మాట వినగానే ఎవరికైనా వచ్చే సందేహం ఒకటే. గొట్టం వేసేది బాగా సీరియస్‌గా ఉన్నవాళ్లకే కదా, వాళ్లు ఎక్కువగా చనిపోవడంలో వింతేముంది?

నిజమే. కానర్స్ బృందం ముందున్నది 1989-94 మధ్య అమెరికాలోని ఐదు బోధనాసుపత్రుల ఐసీయూల్లో చేరిన 5,735 మంది రికార్డులు. మొదటి 24 గంటల్లో గొట్టం వేసింది 2,184 మందికి, వేయనిది 3,551 మందికి. నెల తిరిగేలోపు మొదటి గుంపులో 38 శాతం, రెండో గుంపులో 31 శాతం చనిపోయారు. కానీ ఈ రెండు గుంపులూ ఐసీయూలో అడుగుపెట్టినప్పుడే వేరువేరు. గొట్టం వేసినవాళ్ల సగటు రక్తపోటు 68 అయితే వేయనివాళ్లది 85. జబ్బు తీవ్రతను లెక్కగట్టే అపాచీ స్కోరు సగటున మొదటివాళ్లకు 61, రెండోవాళ్లకు 51. ఎవరికి వేయాలో చీటీలు తీసి తేల్చలేదు, డాక్టరు రోగిని చూసి నిర్ణయించాడు. పాత కేస్‌షీట్లు ముందేసుకుని చేసే ప్రతి అధ్యయనానికీ ఈ చిక్కు ఉంటుంది.

దీనికి 1983లో పాల్ రోజెన్‌బామ్, డొనాల్డ్ రూబిన్ అనే ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు ఒక దారి చూపారు. ఒక్కో రోగి వయసు, రక్తపోటు, క్రియాటినిన్, జబ్బు రకం వంటివన్నీ తీసుకుని, 'ఇలాంటి రోగికి ఈ డాక్టర్లు గొట్టం వేసే అవకాశం ఎంత?' అని లెక్కగట్టాలి. సున్నాకీ ఒకటికీ మధ్య వచ్చే ఆ అంకె పేరు ప్రొపెన్సిటీ స్కోరు. 0.6 వచ్చిందంటే అలాంటివాళ్లు పది మంది ఉంటే ఆరుగురికి గొట్టం పడుతుందని అర్థం. ఇక 0.6 స్కోరు ఉండి గొట్టం పడిన రోగికి, దాదాపు అదే స్కోరు ఉన్నా గొట్టం పడని రోగిని వెతికి జత కలపాలి. ఇలా జతలన్నీ కుదిరాకే ఎవరు బతికారో ఎవరు పోయారో చూడాలి.

లెక్కలోకి ఏవేం తీసుకోవాలన్న దగ్గరే సగం పని ఉంది. దాన్ని కంప్యూటరుకు వదిలేయకూడదు. కానర్స్ బృందం ఏడుగురు ఐసీయూ నిపుణులను కూర్చోబెట్టి, గొట్టం వేయాలా వద్దా అన్నప్పుడు మీరు ఏమేం చూస్తారని అడిగి జాబితా రాయించింది. అందులో చేరేవన్నీ గొట్టం వేయకముందు సంగతులే అయి ఉండాలి. గొట్టం వేశాక ఆ పీడనాలు చూసి మొదలుపెట్టిన మందును కూడా లెక్కలో కలిపేస్తే, చికిత్స ఫలితాన్నే చికిత్సకు కారణంగా చూపినట్టవుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. స్కోరు కలిసినంత మాత్రాన ఇద్దరు రోగులు ఒకేలా ఉంటారని కాదు. రక్తపోటు పడిపోయిన ముప్పై ఏళ్ల మనిషికీ, మూత్రపిండాలు దెబ్బతిన్న డెబ్బై ఏళ్ల మనిషికీ అదే 0.6 రావచ్చు. ఈ పద్ధతి హామీ ఇచ్చేది జతకు కాదు, గుంపుకు. స్కోరు లెక్క సరిగ్గా కుదిరితే, జతలన్నీ కలిపి చూసినప్పుడు అటు గుంపు సగటు వయసు ఇటు గుంపు సగటుకు దగ్గరగా రావాలి. రక్తపోటూ అంతే, క్రియాటినినూ అంతే. వచ్చాయో లేదో ఒక్కో లక్షణానికీ విడివిడిగా చూడాలి. దీన్నే సమతూకం చూడడం అంటారు. అది చూపించని అధ్యయనంలో జత కలిపామన్న మాటకు రుజువు లేనట్టే.

రక్తపోటునే తీసుకుని చేసి చూద్దాం. జతకు ముందు గొట్టం వేసిన గుంపు సగటు 68.2, వేయని గుంపుది 84.9. తేడా 16.7. ఇది పెద్దదా చిన్నదా? రక్తపోటులో 16 ఒక లెక్క, క్రియాటినిన్‌లో 16 మరో లెక్క. అందుకే ఆ తేడాను, రోగుల మధ్య ఆ కొలత మామూలుగా ఎంత అటూ ఇటూ అవుతుందో చెప్పే స్టాండర్డ్ డీవియేషన్‌తో భాగిస్తారు. రెండు గుంపులకూ కలిపి అది 36.6. 16.7ను 36.6తో భాగిస్తే 0.46 వస్తుంది. ఈ ప్రామాణిక తేడాకు యూనిట్ ఉండదు కాబట్టి వయసును, రక్తపోటును, క్రియాటినిన్‌ను ఒకే గీత మీద పక్కపక్కన పెట్టవచ్చు. 0.1 లోపల ఉంటే సమతూకం కుదిరిందని పరిశోధకులు సాధారణంగా ఒప్పుకుంటారు. ఈ డేటాలో వయసు తేడా జతకు ముందే 0.06. ముసలివాళ్లా పడుచువాళ్లా అన్నది డాక్టర్లను పెద్దగా కదిలించలేదన్నమాట. వాళ్ల చేత గొట్టం పట్టించినవి పడిపోయిన రక్తపోటు, తగ్గిన ఆక్సిజన్, జబ్బు తీవ్రత. ఈ పట్టిక డాక్టర్ల మనసును కూడా చదివి పెడుతుంది.

మరి అందరికీ అలవాటైన పీ-విలువ చూస్తే సరిపోదా? 0.05 దాటితే తేడా లేదనుకోవచ్చు కదా? అనుకోకూడదు. పీ-విలువ తేడాతో పాటు రోగుల సంఖ్యను బట్టి కూడా మారుతుంది. రక్తపోటులో 11 పాయింట్ల తేడా, అంటే 0.3 ప్రామాణిక తేడా మిగిలిపోయిందనుకోండి. జతలు అరవయ్యే ఉంటే సాధారణ టీ-పరీక్షలో పీ-విలువ 0.1 దగ్గర తేలుతుంది. 'తేడా లేదు' అని రాసేసి ముందుకెళ్లిపోతారు. అదే 1,008 జతలుంటే నాలుగు పాయింట్లకు కూడా తక్కువైన తేడాకే పీ-విలువ 0.03 లోపలికి దిగి 'తేడా ఉంది' అని గోల చేస్తుంది. రోగికి ముప్పు తెచ్చే తేడా పరీక్ష దాటేసింది, పట్టించుకోనక్కర్లేనిది పట్టుబడింది. పైగా జత కలపడంలో రోగులు ఎలాగూ తగ్గుతారు కాబట్టి, సమతూకం ఏమీ మెరుగుపడకపోయినా పీ-విలువలు వాటంతటవే పెద్దవై అంతా బాగుందన్న భ్రమ కలిగిస్తాయి.

సగటులు కలిసినా పని పూర్తి కాదు. ఈ రికార్డుల్లో రక్తపోటు రాసిన తీరు చూడండి. అపాచీ పద్ధతిలో ఆ రోజు రీడింగుల్లో మామూలు స్థాయికి ఎక్కువ దూరం పోయినదాన్నే రాస్తారు. అందువల్ల కొందరి అంకె బాగా కిందా, మరికొందరిది బాగా పైనా ఉండి, మధ్యలో తక్కువమందే ఉంటారు. సగంమంది 50 దగ్గరా సగంమంది 120 దగ్గరా ఉన్న గుంపు సగటు 85. అందరూ 85 దగ్గరే ఉన్న గుంపు సగటూ 85. ప్రామాణిక తేడా సున్నా, కానీ రోగులు వేరు. అందుకే శ్రద్ధ ఉన్నవాళ్లు రెండు గుంపుల వేరియెన్స్‌ల నిష్పత్తి ఒకటికి దగ్గరగా ఉందో లేదో చూస్తారు, విస్తరణల బొమ్మలు గీసి పక్కపక్కన పెడతారు.

సమతూకం కుదరకపోతే మళ్లీ మొదటికి రావాలి. స్కోరు లెక్కలో రక్తపోటు వర్గాన్ని కలిపి చూడవచ్చు, జత కలపడానికి ఒప్పుకునే దూరాన్ని బిగించవచ్చు. స్కోరు లాజిట్‌లో 0.2 స్టాండర్డ్ డీవియేషన్ దాటకూడదన్నది ఇప్పుడు చాలామంది పాటించే హద్దు. ఎన్నిసార్లు తిరగరాసినా ఫరవాలేదు, ఒక్కటే షరతు. సమతూకం కుదిరేదాకా మరణాల కాలమ్ వైపు చూడకూడదు. చూస్తే, నచ్చిన ఫలితం వచ్చిన జత దగ్గర ఆగిపోవాలన్న కోరిక ఎంత నిజాయితీపరుడికైనా పుడుతుంది.

బిగించినకొద్దీ రోగులు జారిపోతారు. గొట్టం పడిన 2,184 మందిలో కానర్స్ బృందానికి జత దొరికింది 1,008 మందికే. మిగతా 1,176 మంది లెక్కలోంచి వెళ్లిపోయారు. వాళ్లెవరు? స్కోరు 0.9 దగ్గర ఉన్నవాళ్లకు జత దొరకడం కష్టం. అలాంటి స్థితిలో గొట్టం పడకుండా మిగిలినవాళ్లే అరుదు. కాబట్టి ఈ అధ్యయనం జవాబు, ఏ డాక్టరైనా గొట్టం వేసే రోగి గురించి పెద్దగా చెప్పదు. వేయాలా వద్దా అని డాక్టర్లు అటూ ఇటూ ఊగే రోగి గురించి చెబుతుంది. జత దొరకనివాళ్లు ఎంతమంది, వాళ్ల లక్షణాలేమిటి అన్నది కూడా వ్యాసంలో అచ్చు కావాలి. లేకపోతే చదివే డాక్టరు ఆ ఫలితాన్ని తన ముందున్న ఏ రోగికి వాడుకోవాలో తెలియదు.

ఆ 1,008 జతల్లో గొట్టం పడినవాళ్ల పక్షాన నెల రోజుల మరణాల ఆడ్స్ 1.24 రెట్లుగా తేలింది. విశ్వాస అవధి 1.03 నుంచి 1.49. మామూలు తీవ్రత తేడాలు సర్దాక కూడా ముప్పు మిగిలిందన్నమాట. గొట్టం వాడకాన్ని నిలిపి సరైన పరీక్షలు జరపాలని అదే సంచికలో సంపాదకీయం కోరింది.

సమతూకపు పట్టిక చెప్పలేనిది కూడా ఒకటుంది. అది రికార్డులో ఉన్న కాలమ్‌లకే పూచీ పడుతుంది. రోగి ముఖం చూసి 'ఈయన నిలవడేమో' అని సీనియర్ డాక్టరుకు అనిపించిన సంగతి ఏ కాలమ్‌లోనూ ఉండదు. కానర్స్ బృందం ఇది దాచలేదు. కనబడని కారణమేదైనా మేలు చేసే గొట్టాన్ని కీడు చేసేదిగా చూపించాలంటే, అది గొట్టం పడే అవకాశాన్నీ మరణ ముప్పునూ ఆరేసి రెట్లు పెంచేంత బలమైనదై ఉండాలని లెక్కగట్టి మరీ రాసింది. బ్రిటన్‌లో 65 ఐసీయూల్లో చేసి 2005లో ఫలితాలు ప్రచురించిన పాక్-మ్యాన్ పరీక్షలో గొట్టం ఎవరికన్నది యాదృచ్ఛికంగా తేల్చారు. ఆసుపత్రిలో మరణాలు గొట్టం ఉన్నవాళ్లలో 68 శాతం, లేనివాళ్లలో 66 శాతం. నమ్మదగ్గ తేడా లేదు. మేలు లేదన్న మాట నిలిచింది, కీడు ఉందన్నది గట్టిగా నిలవలేదు.

ఇంత చేసి కూడా ఆ పట్టికను సరిగ్గా చూపేవాళ్లు తక్కువే. కెనడా గణాంక శాస్త్రవేత్త పీటర్ ఆస్టిన్ 1996-2003 మధ్య వైద్య పత్రికల్లో వచ్చిన 47 ప్రొపెన్సిటీ జత అధ్యయనాలను పరిశీలిస్తే, జతల సమతూకాన్ని సరైన పద్ధతిలో చూపినవి రెండే దొరికాయి. గొట్టం అధ్యయనం డేటాను అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ గణాంక విభాగం అందరికీ అందుబాటులో పెట్టింది. ఆసుపత్రి రికార్డులతో థీసిస్ రాయబోయే పీజీ వైద్య విద్యార్థులు సొంత డేటా ముట్టుకునే ముందు ఒకసారి దీన్ని తీసుకుని, జతకు ముందు ఒక వరుస, జత తర్వాత ఒక వరుస, పక్కన ప్రామాణిక తేడాతో ఆ పట్టికను తమ చేతులతో కట్టి చూడాలి.