ఒక్క పేజీ రిపోర్టు కోసం ఓ ఈమెయిల్

సోమవారం పొద్దున్నే మేనేజర్లకు 40 పేజీల పీడీఎఫ్ వస్తుంది. పట్టికలు, చార్టులు, డిపోల వారీ లెక్కలు అన్నీ ఉంటాయి. చదివేవాళ్లే ఉండరు. సరుకులు ఇళ్లకు చేర్చే ఓ కంపెనీలో ఇదే పరిస్థితి అనుకుందాం. ఆ రిపోర్టు తయారుచేసే అనలిస్టు చివరికి పైఅధికారికి ఇలా రాశాడనుకుందాం:

"మేడమ్, గత నెలలో మన వారం రిపోర్టు చూసి ఏ నిర్ణయం తీసుకున్నారని నలుగురు మేనేజర్లను అడిగాను. ముగ్గురు ఆలస్యమైన డెలివరీల పేజీ గురించే చెప్పారు. ముఖ్యమైన నాలుగు అంకెలతో ఒక పేజీ డ్యాష్‌బోర్డు నమూనా జత చేశాను. నాలుగు వారాలు పాతదానితో పాటే దీన్నీ పంపుతాను. తర్వాత ఏది ఉంచాలో మీరు చెప్పండి."

అతను వేసిన ప్రశ్నలోనే ఉంది కిటుకు. 'మీకేం కావాలి?' అని అడిగితే ఎవరైనా అన్నీ కావాలనే అంటారు. రిపోర్టులు 40 పేజీలకు పెరిగేది అలాగే. 'దేన్ని చూసి ఏం చేశారు?' అంటే మాత్రం జాబితా చిక్కిపోతుంది.

పేజీలు తగ్గించాక అసలు చిక్కు మొదలవుతుంది. ఆలస్యాలు గత వారం 6 శాతం, ఈ వారం 8. డ్యాష్‌బోర్డు ఎర్ర బాణం వేస్తుంది, మేనేజరు డిపోకు ఫోన్ చేసి కేకలేస్తాడు. పై వారం 5కు దిగితే తన కేకలే పనిచేశాయనుకుంటాడు. నిజానికి రెండూ మామూలు హెచ్చుతగ్గులే కావచ్చు.

ఆ తేడా పట్టే పద్ధతికి నూరేళ్లు దాటాయి. 1924 మే 16న అమెరికాలోని వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో వాల్టర్ షూహార్ట్ తన పైఅధికారికి ఒక్క పేజీ నోటు పంపాడు. అందులోని చిన్న బొమ్మే కంట్రోల్ చార్టుకు మొదలు. వారపు అంకెలకు దాని లెక్క తేలికే. ఒక్కో వారానికీ దాని ముందు వారానికీ ఉన్న తేడాల సగటును 2.66తో గుణించి, వచ్చినంత దూరంలో మొత్తం సగటుకు పైనా కిందా గీతలు గీయాలి. సగటు ఆలస్యం 6, తేడాల సగటు 1.5 అయితే గీతలు దాదాపు 10, 2 దగ్గర పడతాయి. 8 వచ్చిన వారం ఎవరినీ తిట్టనక్కర్లేదు. 11 వస్తే కారణం వెతకాల్సిందే.

అలాగని ఒక్క పేజీని గుడ్డిగా నమ్మడానికీ లేదు. మొత్తం 6 శాతమే ఉన్నా, ఒక డిపోలో ఆలస్యాలు రెట్టింపై ఉండొచ్చు, మిగతావి బాగుండడంతో అది కనబడదు. అందుకే అంకెను నొక్కితే డిపోల వివరాలు తెరుచుకోవాలి. 'ఇల్లు తాళం వేసి ఉంది' అని తిరిగొచ్చిన పార్శిల్‌ను ఏ ఖాతాలో వేస్తున్నారో కూడా పేజీ అడుగున రాసి ఉండాలి. ఆ నిర్వచనం మారితే పని మారకుండానే అంకె మారిపోతుంది.

నాలుగు వారాల్లో పాత రిపోర్టులోని ఏ పేజీనైనా ఎవరైనా అడిగితే దాన్ని అడిగినవారికి విడిగా పంపవచ్చు. మిగతావాటిని తయారుచేయడం ఆపేయడమే మేలు.