రిసెప్షన్ విందు ముందు కాగితం మీద సిద్ధం కావాలి

రిసెప్షన్ భోజనాల గురించి మనం హోటల్లో ఒక మనిషితో మాట్లాడతాం. వడ్డించేది ఇంకొకళ్లు. దమ్ పెట్టే మాస్టరు, ప్లేట్లు కడిగించే సూపర్‌వైజరు, కౌంటర్లకు కరెంటు లైను లాగే ఎలక్ట్రీషియను, హాల్లో నిలబడే కెప్టెను ఎవరూ పెళ్లివారిని చూసి ఉండరు. పెళ్లివారి మాట వాళ్లకు చేరేది ఒక్క కాగితం ద్వారానే. దాన్ని బాంకెట్ ఈవెంట్ ఆర్డర్ అంటారు, పొట్టిగా బీఈఓ. మన దేశంలో చాలా హోటళ్లలో ఫంక్షన్ ప్రాస్పెక్టస్, ఎఫ్‌పీ అనే పేర్లు కూడా వాడుకలో ఉన్నాయి.

రాసేది హోటల్ వాళ్లే అయినా, సంతకం పెట్టేది మనం. బాగా రాసిన షీటుకు గుర్తు ఒకటే. మనల్ని ఎన్నడూ చూడని మనిషి చదివినా, ఎవరికీ ఫోన్ చేయకుండా తన పని తాను చేసుకుపోగలగాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పెళ్లి విజయవాడలో అయింది. అబ్బాయి తరఫు వాళ్లు హైదరాబాద్‌లో ఒక హోటల్ హాల్లో ఆదివారం రాత్రి రిసెప్షన్ ఇస్తున్నారు. కార్డు మీద రాత్రి 7 గంటలని ఉంది. పంచిన కార్డులు 320.

ఎంతమంది వస్తారు?

కార్డుల సంఖ్యను ఏ రెండుతోనో మూడుతోనో గుణించి చెప్పేయడం మామూలే. తప్పు మొదలయ్యేది కూడా అక్కడే. కార్డులను ముందు విడదీయాలి. ఈ ఇంట్లో ఊళ్లోని కుటుంబాలు 220, సగటున ఇద్దరు చొప్పున 440 మంది. ఆఫీసు వాళ్లు 60 మంది, చాలావరకు ఒంటరిగానే వస్తారు. బయటి ఊరి కుటుంబాలు 40. వాళ్లలో ఎక్కువమంది పెళ్లికి వచ్చి వెళ్లినవాళ్లే కాబట్టి ఏ పది కుటుంబాలో మళ్లీ వస్తాయి, ముగ్గురు చొప్పున 30. అన్నీ కలిపితే 530.

షీటు మీద మాత్రం రెండు సంఖ్యలు ఉండాలి. మొదటిది గ్యారంటీ. అంతమంది రాకపోయినా డబ్బు కట్టాల్సిన సంఖ్య అది. రెండోది వంటిల్లు సిద్ధం చేసుకోవాల్సిన సంఖ్య. గ్యారంటీ మీద ఐదు నుంచి పది శాతం వరకు ఎక్కువ వండడం చాలాచోట్ల ఆనవాయితీ. ఆ శాతం ఎంతో అడిగి షీటు మీద రాయించుకోవాలి. పది శాతానికి హోటల్ ఒప్పుకుంటే, గ్యారంటీ 480 అని రాసినా వంట దాదాపు 530 మందికి సరిపోతుంది. మన అంచనాకు భోజనం ఉంటుంది, రానివాళ్లకు డబ్బు కట్టే బాధ తగ్గుతుంది. 480 దాటి తిన్న ప్రతి ప్లేటుకూ అదే ధర అని కూడా రాయాలి.

బిల్లు దగ్గర పేచీ వచ్చేది ప్లేట్ల లెక్కలోనే. ఒకే మనిషి రెండోసారి శుభ్రమైన ప్లేటు తీసుకుంటే లెక్కలో ఇద్దరవుతారు. అందుకే లెక్కించే పద్ధతిని ముందే రాసుకోవాలి. స్టార్టర్ల చిన్న ప్లేట్లు, చాట్ ప్లేట్లు లెక్కలోకి రావు, భోజనం ప్లేట్లే వస్తాయి. మొదట ఎన్ని పెట్టారో, చివర ఎన్ని మిగిలాయో కెప్టెనూ మన వైపు మనిషీ కలిసి లెక్కపెట్టి సంతకం పెడతారు. ఆ మన మనిషి పేరు కూడా షీటు మీద ఉండాలి. పెళ్లికొడుకు తండ్రిని పెట్టకూడదు, ఆయన అప్పటికి స్టేజీ దిగి ఉండడు.

ఫొటోగ్రాఫర్లు, బ్యాండు వాళ్లు, మేకప్ వాళ్లు, డ్రైవర్లు ఈ 480లోకి రారు. వాళ్లకు 40 భోజనాలు వేరే వరసలో, వేరే గదిలో, వేరే సమయంలో అని రాయాలి. ఆ వరస లేకపోతే ఫొటోగ్రాఫర్లు రాత్రి 11 దాకా ఆకలితో పనిచేస్తారు, లేదా అతిథుల క్యూలో నిలబడతారు. రెండూ మర్యాద కాదు.

గడియారం

కార్డు మీది 7 గంటలకూ, జనం తినే వేళకూ సంబంధం తక్కువ. నగరంలో ఆదివారం రిసెప్షన్‌కు జనం ఎక్కువగా వచ్చేది 8 నుంచి తొమ్మిదిన్నర మధ్య. కాబట్టి షీటులో సమయాన్ని కార్డు నుంచి కాక బఫే తెరిచే నిమిషం నుంచి వెనక్కి లెక్కకట్టాలి. మన ఉదాహరణలో ఆ భాగం ఇలా ఉంటుంది:

- మధ్యాహ్నం 1:00 – హాలు డెకరేషన్ వాళ్లకు అప్పగింత
- సాయంత్రం 5:00 – డెకరేషన్ పూర్తి, హాలు తిరిగి హోటల్ చేతికి
- 6:15 – సిబ్బంది అందరికీ షీటు చదివి వినిపించడం
- 6:30 – ఫొటోగ్రాఫర్లు, బ్యాండు, డ్రైవర్లకు భోజనం
- 7:00 – వెల్‌కమ్ డ్రింక్, స్టార్టర్లు మొదలు
- 7:30 – వధూవరులు స్టేజీ మీదకు
- 7:45 – లైవ్ కౌంటర్లు మొదలు
- 8:00 – బఫే మొదలు
- 9:30 – ఇంటివారి భోజనం 24 మందికి పక్కన తీసిపెట్టడం
- 10:15 – వధూవరులు, ఇంటివారు టేబుల్ దగ్గర
- 11:00 – బఫే మూత

వధూవరులు ఆలస్యమైతే ఏం చేయాలన్నది కూడా ఒక వాక్యంలో ఉండాలి. “స్టేజీతో సంబంధం లేకుండా 8 గంటలకు బఫే తెరవాలి” అని రాస్తే కెప్టెను ఎవరినీ అడగడు. రాయకపోతే అడగడానికి మన కోసం వెతుకుతాడు, ఈలోగా ముసలివాళ్లు, చిన్నపిల్లలు ఆకలితో కూర్చుంటారు.

తొమ్మిదిన్నర వరసను చాలామంది మరిచిపోతారు. అందరికీ మర్యాద చేసిన ఇంటివాళ్లు చివరికి పెరుగన్నంతో సరిపెట్టుకునేది అందుకే. ఆఖర్లో ఏం మిగిలితే అది తినడం కాకుండా, అన్ని వంటకాలూ ముందే తీసి వేడిగా ఉంచాలని రాయించుకోండి. వేడి వంటకం 60 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగకూడదన్నది ఆహార భద్రతలో మామూలు సూత్రం. తీసిపెట్టిన గిన్నెలకూ అదే వర్తిస్తుంది.

విందు ఆరుబయట లాన్‌లో అయితే ఇంకో వరస చేర్చాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 తర్వాత ఆరుబయట లౌడ్‌స్పీకర్లు పనికిరావు. పాట ఆగే సమయం సౌండ్ వాళ్లకు షీటులోనే కనబడాలి.

మెనూ: పేరు రాస్తే చాలదు

“చికెన్ బిర్యానీ” అన్న రెండు మాటలతో మాస్టరుకు ఏమీ తెలియదు. ఎంతమందికి, ఎప్పుడు, ఏ కౌంటర్లో, దేంతో కలిపి అన్నది కావాలి. అదే వరస ఇలా మారుతుంది: “చికెన్ దమ్ బిర్యానీ, 380 మందికి, బియ్యం 38 కిలోలు, మూడు హండీలు. మొదటిది 7:50కి, రెండోది 8:30కి, మూడోది 9:15కి మూత తీయాలి. మిర్చీ కా సాలన్, రైతాతో. మాంసాహారం లైను.”

పక్కన చాలా వంటకాలుండే బఫేలో మనిషికి వంద గ్రాముల బియ్యం సరిపోతుందన్న లెక్కతో 38 కిలోలు వచ్చింది. ఒక్కసారే వండి పెట్టేస్తే పదింటికి వచ్చినవాళ్లకు చల్లారిన, చిదిమిన మెతుకులు మిగులుతాయి. మూడు హండీలుగా విడదీస్తే చివరి అతిథికి కూడా మూత తీసిన ఆవిరి తగులుతుంది.

ఇక్కడ ఒక లెక్క దాదాపు ప్రతి ఇంట్లోనూ తప్పుతుంది. శాకాహారులు 150 మంది కాబట్టి శాకాహారం 150 మందికి అని రాస్తారు. కానీ మాంసం తినేవాళ్లు కూడా పప్పు, గుత్తివంకాయ, పనీర్ వడ్డించుకుంటారు, పెరుగన్నంతోనే ముగిస్తారు. తొమ్మిదింటికల్లా శాకాహారం లైను ఖాళీ అవుతుంది. అప్పుడు నష్టపోయేది అదొక్కటే తినగలిగిన మనిషి. అందుకే శాకాహార వంటకాలన్నీ 530 మందికి, మాంసాహారం 380 మందికి అని విడివిడిగా రాయాలి. అన్నీ 530కి ఒకే మోతాదులో వండనవసరం లేదు. నాలుగు కూరలున్నప్పుడు ఒక్కో మనిషి ఒక్కో కూరను కొంచెమే వేసుకుంటాడని మాస్టరుకు తెలుసు. మనం ఇవ్వాల్సింది సరైన తలల లెక్క.

ఉల్లి, వెల్లుల్లి తినని బంధువులున్నా, వేరుశెనగ పడని పిల్లవాడున్నా మెనూ వరస పక్కనే రాయాలి. చివరి పేజీలో “ప్రత్యేక సూచనలు” కింద రాస్తే వంటింట్లో ఎవరూ అక్కడిదాకా చదవరు.

కౌంటర్లు, క్యూలు

ఎనిమిదింటికి బఫే తెరిచేసరికి 150 మంది ఎదురుచూస్తూ ఉంటారనుకుందాం. బఫే టేబుల్‌కు ఒక పక్కన నిమిషానికి ముగ్గురు వడ్డించుకుని కదులుతారన్నది జాగ్రత్తపడ్డ లెక్క. రెండు పక్కలా నడిచే ఒక్క లైను ఉంటే నిమిషానికి ఆరుగురు, చివరి మనిషికి 25 నిమిషాలు పడుతుంది. అలాంటి లైన్లు రెండుంటే పన్నెండు, పదమూడు నిమిషాలు. వంట అంతే, ఖర్చు దాదాపు అంతే, అతిథి నిలబడే సమయం సగం. కాబట్టి “బఫే” అని వదిలేయకుండా “రెండు లైన్లు, రెండు పక్కలా వడ్డన, ప్లేట్లు నాలుగు చివరలా” అని రాయాలి. ఒకటి పూర్తి శాకాహారం లైను. దాని గరిటెలు, ప్లేట్లు వేరు, పైన బోర్డు ఉండాలి.

లైవ్ కౌంటర్ల లెక్క ఇంకా కఠినం. పెద్ద దోసె పెనం మీద ఒకేసారి నాలుగు దోసెలు, మూడు నిమిషాలకోసారి దించితే గంటకు 80. అదీ చేయి ఆగకుండా వేస్తే. వచ్చినవాళ్లలో మూడో వంతు దోసె అడిగితే సుమారు 175, అందులో ఎక్కువ భాగం ఒక్క గంటలోనే. ఒక్క పెనంతో ఆ గంట గడవదు. “దోసె కౌంటర్: రెండు పెనాలు, ఇద్దరు మాస్టర్లు, ఒక సహాయకుడు” అని ఉండాలి. అది బఫే మొదట్లో కాకుండా హాలు చివర్లో ఉండాలి, లేకపోతే దోసె క్యూ బిర్యానీ క్యూను అడ్డుకుంటుంది. పెనం గ్యాసు మీదా కరెంటు మీదా అన్నది కూడా ముఖ్యమే. హాల్లో గ్యాసు ఒప్పుకోకపోతే ఎలక్ట్రీషియను ముందే వేరే లైను లాగాలి. ఆ సంగతి సాయంత్రం ఏడింటికి తెలిస్తే ఆ కౌంటరు లేనట్టే.

నడవలేని పెద్దల కోసం బఫేకు దగ్గరగా రెండు టేబుళ్లు, వాటికి వడ్డించే ఒక మనిషి. ఇదీ ఒక కౌంటరే, షీటులో దానికీ ఒక వరస ఉండాలి.

మార్పులు వచ్చినప్పుడు

చివరి సంఖ్య రెండు మూడు రోజుల ముందు ఖాయం చేయమంటారు, ఎందుకంటే మాంసం, కూరగాయలు అప్పుడు ఆర్డరు చేస్తారు. ఈలోగా అత్తగారు ఫోన్ చేసి డబుల్ కా మీఠా బదులు ఖుబానీ కా మీఠా పెట్టమంటారు. సేల్స్ మనిషి సరేనంటాడు. వంటింటి గోడ మీద మాత్రం పాత కాగితమే ఉంటుంది. రిసెప్షన్లో జరిగే పొరపాట్లలో చాలా వాటికి మూలం వంట కాదు, ఆ పాత కాగితం.

అందుకే మార్పు ఎంత చిన్నదైనా షీటు మీద “సవరణ 2” అని తేదీ, సమయంతో రావాలి. మారిన వరసలు రంగుతో గుర్తుపెట్టాలి. వంటిల్లు, సర్వీసు, ప్లేట్ల విభాగం, కరెంటు, సెక్యూరిటీ, అకౌంట్స్ అందరి దగ్గరా పాత కాపీ తీసుకున్నాకే కొత్తది ఇవ్వాలి. మన వైపు నుంచి మార్పు చెప్పే హక్కు ఒక్కరికే ఉందని, వాళ్ల పేరు, ఫోన్ నంబరుతో రాయించాలి. ఇంట్లో నలుగురు నలుగురికి ఫోన్లు చేస్తే నాలుగు మెనూలు తయారవుతాయి.

సంతకం పెట్టే ముందు షీటును పెళ్లి మాటల్లో లేని బంధువు ఎవరికైనా ఇచ్చి ఐదు ప్రశ్నలు అడగండి. బఫే ఎప్పుడు తెరుస్తారు? ఎన్ని ప్లేట్లకు డబ్బు కడతాం? శాకాహారం ఎంతమందికి? దోసెలు వేసేది ఎంతమంది? ఇంటివాళ్లు ఎప్పుడు, ఎక్కడ తింటారు? ఈ ఐదింటికీ కాగితం చూసి జవాబు చెప్పగలిగితే సంతకం పెట్టండి. ఏ ఒక్కదానికైనా “వాళ్లను అడిగితే తెలుస్తుంది” అన్న జవాబు వస్తే, ఆ వరస తిరిగి రాయించుకుని పెట్టండి.