పెద్దది ఏది, చిన్నది ఏది?

మా పిన్నికి కవల కూతుళ్లు. ఏడు నిమిషాల తేడానే అయినా ఇంట్లో ఇప్పటికీ పెద్దది, చిన్నది అనే పిలుపులు. పెద్దది డాలస్‌లో ఉంటుంది, చిన్నది విజయవాడలో. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్న ఫొటో తీసి ఆరేళ్లయింది. పిన్ని పుట్టినరోజుకి వాళ్ల విడి ఫొటోలతోనే ఏఐ చేత అలాంటి బొమ్మ గీయించాలని పూనుకున్నాను. చూడగానే పిన్ని అంది: "ఒరేయ్, ఇద్దరూ చిన్నదే కదరా!"

నిజమే. పెద్దదాని ఎడమ దవడ మీది పుట్టుమచ్చ లేదు. నవ్వినప్పుడు ఆమె కుడి పెదవి కొస కాస్త పైకి లేస్తుంది, అదీ లేదు.

మచ్చ పోవడానికి కారణం తేలిగ్గానే తెలుస్తుంది. స్టేబుల్ డిఫ్యూజన్ లాంటి మోడళ్లు బొమ్మను నేరుగా గీయవు. నిలువునా అడ్డంగా ఎనిమిదో వంతుకు కుదించిన రూపంలో గీసి, ఆఖర్న విప్పుతాయి. 1024 పిక్సెళ్ల వెడల్పు అక్కడ 128 గళ్లే. ముగ్గురు కూర్చున్న బొమ్మలో ఒక్కో ముఖం 120 పిక్సెళ్లుంటే, దానికి దక్కేది అడ్డంగా 15 గళ్లు. మూడు పిక్సెళ్ల మచ్చ ఒక గడిలో సగం కూడా కాదు. అలాంటి చోట మోడల్ తనకు అలవాటైన సగటు ముఖంతో ఖాళీ పూరిస్తుంది.

అయితే మచ్చ పోతే పోయింది, ముఖం మొత్తం చిన్నదాని వైపు ఎందుకు జారింది? నేను ఒక్కొక్కరికి ఒక్కో లోరా తయారు చేశాను. పెద్ద మోడల్‌ను ముట్టుకోకుండా, ఒక మనిషి ముఖం నేర్పడానికి పక్కన తగిలించే చిన్న ఫైలు అది. రెండూ ఒకేసారి తగిలిస్తే వాటి సవరణలు కలిసిపోయి, బొమ్మంతటా పనిచేస్తాయి. ఎడమ కుర్చీ ఇది, కుడి కుర్చీ అది అనే హద్దు వాటికి లేదు. కవలల విషయంలో ఇది మరీ దెబ్బ తీస్తుంది. ఇద్దరి సవరణల్లో ఉమ్మడిగా ఉన్నది కలిసి రెట్టింపవుతుంది. ఒకరిని ఇటు, మరొకరిని అటు లాగే కొద్దిపాటి తేడా ఒకదాన్నొకటి కొట్టేస్తుంది. మిగిలేది ఇద్దరికీ మధ్యస్థమైన ముఖం. వాళ్లలో ఎవరి ఫొటోలు ఎక్కువ, స్పష్టం అయితే ముఖం అటు మొగ్గుతుంది. నా దగ్గర చిన్నదాని ఫొటోలు 30 ఉన్నాయి, పెద్దదానివి 12.

అందుకని రెండోసారి 12 చొప్పునే తీసుకున్నాను. ఇద్దరూ కలిసున్న పాత ఫొటోలు అసలు వాడలేదు. మొదట ఏ లోరా లేకుండా ముగ్గురు కూర్చున్న బొమ్మ తెచ్చాను. తర్వాత ఎడమ ముఖం మీద మాత్రమే మాస్క్ వేసి, పెద్దదాని లోరా ఒక్కటే తగిలించి, ఆ భాగాన్ని 1024కి పెంచి మళ్లీ గీయించాను. ఇప్పుడు అదే మచ్చకి అడ్డంగా మూడు గళ్లు దొరుకుతాయి. మార్పు బలం 0.5 దగ్గర పెట్టాను. 0.3కి దిగితే పాత ముఖమే మిగిలిపోతోంది, 0.7 దాటితే మెడ దగ్గర అతుకు తేలిపోతోంది. ఆ తర్వాతే అది తీసేసి, రెండో ముఖానికి చిన్నదాని లోరా.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలియాలి? ముఖాలను పోల్చే సాఫ్ట్‌వేర్‌ను ఇక్కడ నమ్మలేం. అచ్చుగుద్దినట్టుండే కవలల దగ్గర అది కూడా తికమకపడుతుంది. పరీక్ష పెట్టాల్సింది పెంచిన తల్లికే. జుట్టు, చీర కనబడకుండా ముఖాలు మాత్రం కత్తిరించి, పది ప్రింట్లు కలిపేసి పిన్ని చేతిలో పెట్టాను. జుట్టు దువ్వుడు మార్చి తేడా చూపించడం మోసమే అవుతుంది, అందుకే అది కనిపించనివ్వలేదు. ఏడింటిని వెంటనే చెప్పింది. మూడింటి దగ్గర ఆగి, "ఇది పెద్దదే, కానీ అద్దంలో చూస్తున్నట్టుంది" అంది.

ఆ మాటతో వెళ్లి ఫొటోలు ఒక్కొక్కటీ తిరగేశాను. పెద్దది పంపిన 12లో నాలుగు సెల్ఫీలు. ముందు కెమెరా వాటిని తిప్పి దాచింది, మచ్చ కుడి దవడకి మారింది. అది చాలదన్నట్టు లోరా శిక్షణలో ఫొటోలను యాదృచ్ఛికంగా ఎడమ కుడి తిప్పే సౌకర్యం నేనే ఆన్ చేసి ఉంచాను. ఫొటోలు తక్కువైనప్పుడు చాలామంది అది వాడతారు. కానీ ఈ అక్కచెల్లెళ్ల తేడా అంతా ఏ వైపు అన్న దాంట్లోనే ఉంది. మచ్చ సగం సార్లు ఇటు, సగం సార్లు అటు కనిపిస్తే, మోడల్ దాన్ని రెండు వైపులా పలచగా పూస్తుంది లేదా వదిలేస్తుంది.

సెల్ఫీలు తిప్పి సరిచేశాను. సెట్టింగ్ ఫైల్లో ఒక్క వరుస మార్చాను:

```
flip_aug = false
```

మూడోసారి ప్రింట్లు పదీ పిన్ని సరిగ్గానే చెప్పింది. పెద్దదాని పెదవి కొస దగ్గర వేలు పెట్టి కాసేపు అలాగే ఉండిపోయింది.