నీళ్లు పారబోస్తే చాలదు

డెంగీని మోసే దోమ గుడ్లను నేరుగా నీళ్లలో వేయదు. నీటి మట్టానికి కాస్త పైన, డ్రమ్ము లోపలి గోడ మీద తడిగా ఉన్న చోట ఒక్కొక్కటిగా అంటిస్తుంది. పెట్టినప్పుడు తెల్లగా ఉన్నా కొద్ది గంటల్లోనే అవి నల్లబడతాయి. ఒక్కో గుడ్డు మిల్లీమీటరు కంటే చిన్నది. చూసినవాళ్లు మసి మరక అనుకుంటారు తప్ప గుడ్లని పోల్చుకోలేరు. గోడకు గట్టిగా అతుక్కుని ఉంటాయి కనుక డ్రమ్ము వంచి నీళ్లు పారబోసినా కొట్టుకుపోవు. ఎండిపోయినా చావవు, నెలల తరబడి అలాగే ఉంటాయి. మళ్లీ నీళ్లు పట్టి, ఆ నీళ్లు వాటిని ముంచగానే పొదుగుతాయి.

డ్రమ్ము ఖాళీ చేసి నింపుకున్న ఇంట్లో వారం పదిరోజులకే మళ్లీ దోమలు కనిపించడానికి ఇదే కారణం. వానలు మొదలవగానే ఆశా కార్యకర్తలు, మున్సిపాలిటీ సిబ్బంది ఇంటింటికీ వచ్చి నీళ్లు నిల్వ ఉంచవద్దని చెబుతారు. అందులో సగం మాత్రమే జనం చెవిన పడుతోంది. పీచు తీసుకుని గోడను రుద్దడమే మిగిలిన సగం. అసలు పని అక్కడే ఉంది.

ఈ దోమ పేరు ఈడిస్ ఈజిప్టై. నల్లని ఒంటి మీద, కాళ్ల మీద తెల్లని చారలుంటాయి. పగలే కుడుతుంది. పొద్దున్న ఎండ ఎక్కక ముందు, సాయంత్రం పొద్దు వాలే ముందు దీని జోరు ఎక్కువ. మలేరియాను మోసేది వేరే దోమ, అనాఫిలిస్. అది రాత్రిపూట కుడుతుంది. మురుగు కాలవలో పుట్టి, రాత్రంతా చెవి దగ్గర మోగే దోమ ఈ రెండూ కాదు. అది క్యూలెక్స్, మన దగ్గర బోదకాలును మోసేది. మురుగు కంపు కొడితే డెంగీ వస్తుందని భయపడే ఇళ్లలోనే, శుభ్రంగా పట్టి దాచుకున్న మంచినీళ్ల డ్రమ్ములో డెంగీ దోమ పెరుగుతూ ఉంటుంది. కాలవ శుభ్రం చేయాల్సిందే, కానీ దానివల్ల డెంగీ తగ్గదు.

ఒక్కో జబ్బుకు ఒక్కో దోమ ఎందుకన్న ప్రశ్నకు జవాబు దొరికింది మన సికింద్రాబాదులోనే. ఇండియన్ మెడికల్ సర్వీసులో వైద్యుడైన రొనాల్డ్ రాస్ మలేరియా రోగులను దోమలతో కుట్టించి, ఆ దోమలను కోసి సూక్ష్మదర్శిని కింద వెతికేవాడు. దాదాపు రెండేళ్లు ఏమీ దొరకలేదు. అతను పరీక్షిస్తూ వచ్చినవి అనాఫిలిస్ జాతివి కాకపోవడమే కారణం. 1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న మరో రకం దోమలు చేతికి వచ్చాయి. వాటిని హుస్సేన్ ఖాన్ అనే రోగి చేత కుట్టించుకోనిచ్చి, ఒక్కో దోమకు ఒక అణా చొప్పున అతనికి ఇచ్చాడు. ఆగస్టు 20న అలాంటి దోమ పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవి పెరుగుతూ కనిపించింది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పనిచేసిన భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది.

రాస్ చూసినదాంట్లో ఒక ముఖ్యమైన సంగతి ఉంది. దోమ ఒకరి రక్తాన్ని ముట్టెకు అంటించుకుని మరొకరికి పూయడం వల్ల మలేరియా రాదు. రక్తంతో పాటు పొట్టలోకి వెళ్లిన పరాన్నజీవి అక్కడ పెరిగి, పొట్ట గోడ దాటి, లాలాజల గ్రంథుల దాకా చేరాలి. మన వాతావరణంలో దానికి సుమారు 10 నుంచి 14 రోజులు పడుతుంది. డెంగీ వైరస్ కూడా ఈడిస్ ఒంట్లో ఇలాంటి ప్రయాణమే చేస్తుంది. దానికి 8 నుంచి 12 రోజులు. ఆ తర్వాతే దోమ కుట్టినప్పుడు దాని ఉమ్మితో పాటు జబ్బు ఎదుటివారి ఒంట్లోకి దిగుతుంది. ఇక అది బతికినంత కాలం జబ్బు పంచుతూనే ఉంటుంది. ఎయిడ్స్ వైరస్ దోమ కాటుతో రాకపోవడానికీ కారణం ఇదే. అది దోమ ఒంట్లో పెరగలేదు.

రక్తం తాగేది ఆడ దోమ ఒక్కటే. గుడ్లు తయారు కావడానికి దానికి రక్తంలోని ప్రొటీను కావాలి. మగ దోమకు పూల తేనె, మొక్కల రసం చాలు. ఆడ ఈడిస్‌కు మనిషి రక్తమంటే ప్రత్యేకమైన ఇష్టం. పైగా కడుపు నిండేదాకా ఒకచోట కూర్చోదు. చెయ్యి విదిలించగానే లేచి పక్కనున్న మనిషి మీద వాలుతుంది. ఒక పూట భోజనానికి ఇంట్లో ముగ్గురు నలుగుర్ని కుట్టవచ్చు. ఒకే ఇంట్లో వరసగా అందరికీ డెంగీ రావడం వెనక తరచుగా ఈ అలవాటే ఉంటుంది.

ఇదంతా రోజుల లెక్కలో చూస్తే ఎక్కడ తెంచాలో తెలుస్తుంది. రోజు విడిచి రోజు నల్లా వచ్చే ఒక వీధిని ఊహించుకోవచ్చు. ఒక ఇంటి పెరట్లో రెండు వందల లీటర్ల డ్రమ్ము ఉంది. ఆగస్టు 1న ఈడిస్ దాని గోడకు గుడ్లు అంటించింది. వాడకంతో నీటి మట్టం దిగింది. 4వ తేదీన నల్లా వచ్చి డ్రమ్ము నిండింది, గుడ్లు మునిగి పొదిగాయి. 9 నాటికి లార్వాలు ఎదిగి ప్యూపాలయ్యాయి. 11న దోమలు ఎగిరాయి. 13న వాటిలో ఒకటి పక్కింట్లో డెంగీ జ్వరంతో పడుకున్న మనిషిని కుట్టింది. 23 నాటికి వైరస్ దాని ఉమ్మిలోకి చేరింది. ఆ రోజు బడికి బయల్దేరుతున్న పిల్లవాణ్ని కుడితే, నెలాఖరుకు ఆ పిల్లవాడికి జ్వరం. నెల పొడవునా సాగిన ఈ గొలుసులో డ్రమ్ము దగ్గర అయిదు నిమిషాల పని చాలు, ఒక లింకు తెగుతుంది. 11వ తేదీ లోపు ఒక్కసారి ఖాళీ చేసి, లోపలి గోడను రుద్ది కడిగి ఉంటే ఆ దోమ పుట్టేదే కాదు. వారానికోసారి అన్న నియమం ఈ లెక్క నుంచే వచ్చింది. వేడి వాతావరణంలో గుడ్డు పొదిగిన దగ్గర్నుంచి దోమ ఎగరడానికి ఏడు రోజులు సరిపోవచ్చు కాబట్టి పదిరోజులకోసారి అంటే ఆలస్యమే.

రుద్దడానికి కొబ్బరి పీచు, గట్టి బ్రష్షు ఏదైనా సరే. అడుగు కంటే ముఖ్యమైనది నీళ్లు ఎప్పుడూ నిలిచే గీత, దాని చుట్టుపక్కల. కడిగిన నీళ్లను కాలవలోకో మరో తొట్టిలోకో కాకుండా ఎండ తగిలే పొడి నేల మీద పోయాలి. లార్వాలు అక్కడ ఎండి చస్తాయి. నీళ్ల ఎద్దడి వల్ల డ్రమ్ము ఖాళీ చేయలేనివాళ్లు మూతికి నూలు గుడ్డ బిగించి కట్టుకోవాలి. గుడ్డ వదులుగా ఉంటే మధ్యలో కుంగి, దాని మీదే వాననీళ్లు నిలుస్తాయి. ప్లాస్టిక్ మూత పెట్టినా, పైపు కోసం చేసిన కన్నం తెరిచి ఉంటే దోమకు అదే దారి.

డ్రమ్ములో లార్వాలున్నాయో లేదో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. మూత తీయగానే నీడకూ కదలికకూ అవి అడుక్కి పోతాయి. తొంగి చూసి ఏమీ లేవనుకుని వెళ్లిపోకుండా ఒకటి రెండు నిమిషాలు ఆగి టార్చి వేస్తే, గాలి కోసం మెలికలు తిరుగుతూ పైకొస్తాయి. తోక చివరి గొట్టాన్ని నీటి పైపొరకు ఆనించి తలకిందులుగా వేలాడితే అది ఈడిస్ కావచ్చు. గొట్టం లేకుండా నీటి పైపొర కిందే అడ్డంగా పడుకుని ఉంటే అనాఫిలిస్.

ఈడిస్‌కు డ్రమ్మే అక్కర్లేదు. గుడ్లన్నీ ఒకేచోట పెట్టే అలవాటు కూడా దానికి లేదు. కొన్ని ఇక్కడ, కొన్ని అక్కడ పెట్టుకుంటూ పోతుంది. అందుకే డ్రమ్ము ఒక్కటే కడిగి ఊరుకుంటే ఫ్రిజ్ వెనక నీళ్ల ట్రే, పూలకుండీ కింది పళ్లెం, మనీప్లాంట్ సీసా, పెరట్లో పక్కన పడేసిన రుబ్బురోలు, మేడ మీది పాత టైరు మిగిలే ఉంటాయి. వీటిలో ఎక్కువ మంది మరిచిపోయేది ఎయిర్ కూలర్. వేసవి పోగానే దాన్ని మూలకు నెట్టేస్తారు. అడుగున మిగిలిన నీళ్లు ఎండిపోయినా తొట్టి గోడ మీద గుడ్లు ఉండిపోతాయి. మళ్లీ వేసవిలో నీళ్లు పోసిన వారానికే అవి దోమలవుతాయి. దాచే ముందే తొట్టిని రుద్ది కడిగి, ఎండబెట్టి, పాత గడ్డి తీసి పారేయాలి.

మలేరియా దగ్గరకు వచ్చేసరికి ఇంటివాళ్ల చేతిలో ఉన్నది కొంచెం మారుతుంది. పట్టణాల్లో దాన్ని మోసే అనాఫిలిస్ స్టీఫెన్సీ మిద్దె మీది ట్యాంకుల్లో, సంపుల్లో, బావుల్లో పెరుగుతుంది. ట్యాంకు మూత సందు లేకుండా పడేలా చూసి, గాలి గొట్టానికీ నీళ్లు పొర్లే గొట్టానికీ సన్నని జాలీ కడితే దానికి చోటుండదు. వాడని బావిలోనైతే గంబూసియా చేపలు వదులుతారు, అవి లార్వాలను తినేస్తాయి. పాడేరు, రంపచోడవరం లాంటి ఏజెన్సీ ప్రాంతాల సంగతి వేరు. అక్కడి మలేరియా దోమలు వాగుల్లో, ఊటనీళ్లలో, పొలాల్లో పుడతాయి. ఎన్ని కుండలు బోర్లించినా వాటికి అడ్డు పడదు. అక్కడ కాపాడేవి మందు పట్టించిన దోమతెరలు, గోడలకు మందు పిచికారీ. కొత్తగా సున్నం వేసుకున్నామనో, మరకలు పడతాయనో పిచికారీ వద్దంటే కుట్టిన తర్వాత గోడ మీద వాలే దోమ చావకుండా తప్పించుకుంటుంది.

వీధిలో పొగ కొట్టే బండి మీద జనానికున్న నమ్మకాన్ని కాస్త సడలించాల్సి ఉంది. ఆ పొగ తాకితే ఆ సమయానికి ఎగురుతున్న దోమలు చస్తాయి. మంచం కిందో, అలమర వెనకో, వేలాడేసిన బట్టల్లోనో దాక్కున్న ఈడిస్ చాలావరకు బతికిపోతుంది. గుడ్లకూ లార్వాలకూ ఏమీ కాదు. డెంగీ కేసులు ఎక్కువైనప్పుడు వైరస్ మోస్తున్న దోమలను వెంటనే తగ్గించడానికి పొగ పనికొస్తుంది. డ్రమ్ములు అలాగే ఉంటే వారంలో కొత్త దోమలొస్తాయి. వాడకానికి పనికిరాని నీటి గుంటల్లో మున్సిపాలిటీ వాళ్లు వేసే ఆయిల్ బాల్స్ ఇంతకంటే మేలు. నీటి మీద పరుచుకున్న నూనె పొర లార్వాలకు గాలి అందనివ్వదు.

ఈడిస్ పుట్టిన చోటు నుంచి సాధారణంగా వంద, రెండు వందల మీటర్లకు మించి పోదు. అంటే ఒక ఇంట్లో కుట్టే దోమ చాలాసార్లు ఆ ఇంటిదో, చుట్టుపక్కల నాలుగైదు ఇళ్లదో. వీధంతా ఒకే రోజు శుభ్రం చేసుకోవాలని చెప్పడానికి ఆధారం అదే. ఆంధ్రప్రదేశ్‌లో ‘ఫ్రైడే డ్రైడే’ అని శుక్రవారాన్ని కేటాయించడం, 2020లో తెలంగాణ పట్టణాల్లో ఆదివారం పది గంటలకు పది నిమిషాలు ఇంటి పనికి కేటాయించమని పిలుపునివ్వడం ఇందుకే. ఆ పది నిమిషాలు ఎక్కడా సరిపోని చోట్లు రెండున్నాయి: తాళం వేసిన ఇంటి మిద్దె, కట్టుబడి సాగుతున్న భవనం. స్లాబు క్యూరింగుకు గట్లు కట్టి నిలిపిన నీళ్లు, లిఫ్టు గుంతలో చేరిన ఊట వారాల తరబడి అలాగే ఉంటాయి. అపార్ట్‌మెంటు సంఘమో, వీధివాళ్లో మేస్త్రీని కలిసి వారానికోసారి ఆ నీళ్లు తోడించాలి. తాళం వేసిన ఇంటి యజమానికి ఫోన్ చేసి, మేడ మీదికి ఎవరినైనా పంపమని అడగాలి.