84 శాతం రాబడి 17కి ఎందుకు పడింది?

హిందుస్థాన్ యూనిలీవర్ 2019-20లో సుమారు 6,738 కోట్ల రూపాయల నికర లాభం చూపింది. ఏడాది చివర పుస్తకాల్లో ఉన్న వాటాదారుల సొమ్ము 8,000 కోట్ల పైచిలుకు. అంటే వందకు 84 రూపాయల రాబడి. మరుసటి ఏడాది లాభం 7,954 కోట్లకు పెరిగింది. రాబడి మాత్రం 17 శాతానికి జారింది. వ్యాపారం దెబ్బతినలేదు, మారింది హారమే.

నికర లాభాన్ని వాటాదారుల సొమ్ముతో భాగిస్తే వచ్చేది ఆర్‌ఓఈ. వడ్డీ, పన్ను కట్టకముందు లాభాన్ని వాటాదారుల సొమ్ము, అప్పు కలిపిన మొత్తంతో భాగిస్తే ఆర్‌ఓసీఈ. ఈ రెంటినీ పక్కపక్కన పెడితే మొదటి మాయ బయటపడుతుంది.

రెండు కంపెనీలనుకుందాం. రెండిటి పెట్టుబడీ 100 కోట్లే, వడ్డీకి ముందు లాభమూ 20 కోట్లే. మొదటిదానికి అప్పు లేదు. 25 శాతం పన్ను పోగా 15 కోట్లు మిగులుతాయి, ఆర్‌ఓఈ 15 శాతం. రెండోదానిలో సొంత సొమ్ము 20 కోట్లు, 10 శాతం వడ్డీకి తెచ్చిన అప్పు 80 కోట్లు. 8 కోట్ల వడ్డీ, పన్ను పోయాక 9 కోట్లు మిగిలితే ఆర్‌ఓఈ 45 శాతం! ఆర్‌ఓసీఈ మాత్రం రెండిటికీ 20 శాతమే. గిరాకీ తగ్గి లాభం 6 కోట్లకు పడితే మొదటిది లాభంలోనే ఉంటుంది, రెండోది 2 కోట్లు నష్టపోతుంది. ఆ 45 శాతంలో చాలా భాగం అప్పు తెచ్చిన ఊపే.

అప్పు మాయను పట్టిచ్చే ఆర్‌ఓసీఈకి కూడా చిక్కనిది మరొకటుంది. యూనిలీవర్ తన లాభాల్లో అత్యధిక భాగాన్ని డివిడెండ్‌గా పంచేసేది. దశాబ్దాలుగా తానే పెంచుకున్న బ్రాండ్ల విలువను ఆస్తిగా రాయడానికి అకౌంటింగ్ నియమాలు ఒప్పుకోవు. అందుకే హారం అంత చిన్నది. 2020 ఏప్రిల్‌లో గ్లాక్సో స్మిత్‌క్లైన్ కన్స్యూమర్ విలీనమైంది. ఆ కంపెనీ వాటాదారులకు కొత్త షేర్లిచ్చారు. కొని తెచ్చుకున్న బ్రాండ్లు, గుడ్‌విల్ మాత్రం వెలకట్టి పుస్తకాల్లోకి ఎక్కాయి. వాటాదారుల సొమ్ము 47,000 కోట్లు దాటింది. దాంతో రెండు నిష్పత్తులూ ఒక్కసారిగా పడిపోయాయి.

కాబట్టి పెద్ద శాతం చూడగానే రెండు పనులు చేయాలి. హారం ఎందుకు చిన్నదైందో బ్యాలెన్స్ షీట్‌లో వెతకాలి: అప్పా, డివిడెండా, షేర్ల బైబ్యాకా, పాత నష్టాలా? ఆ తర్వాత కొత్తగా పెట్టిన సొమ్ము ఎంత సంపాదిస్తోందో విడిగా లెక్కించాలి. పై ఉదాహరణలోని కంపెనీ ఇంకో 50 కోట్లు పెట్టి లాభాన్ని 20 నుంచి 24 కోట్లకు పెంచుకుందనుకోండి. మొత్తం మీద ఆర్‌ఓసీఈ 16 శాతంగా బాగానే కనిపిస్తుంది. కానీ కొత్త సొమ్ముపై వచ్చింది 8 శాతమే. ఆ సొమ్ము 10 శాతం వడ్డీకి తెచ్చిందైతే, విస్తరణ వల్ల వాటాదారులకు నష్టమే.