చేయవలెను, చేయవచ్చు, చేయరాదు

వెల్లింగ్టన్ అసోసియేట్స్, కిరీట్ మెహతాల వివాదం 2000లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. వాళ్ల ఒప్పందంలో ఒక క్లాజు, వివాదాలు బొంబాయి కోర్టుల పరిధిలోకే వస్తాయని చెప్పింది. తరువాతి క్లాజులో, ఆర్బిట్రేషన్‌కు పంపే విషయంలో ‘మే’ ఉంది. రెండు క్లాజులనూ కలిపి చదివి, ‘మే’ను కారణం లేకుండా వాడలేదని, దాన్ని ‘షల్’గా చదవలేమని కోర్టు భావించింది. ఆర్బిట్రేషన్ తప్పనిసరి కాదని, దానికి వెళ్లాలంటే ఇరుపక్షాలూ మళ్లీ ఒప్పుకోవాలని తేల్చింది.

ఈ రెండు క్లాజులనూ తెలుగులో ‘ఉండును’, ‘పంపబడును’ అని రాస్తే ఆ తేడా అక్కడే పోతుంది. దస్తావేజుల్లో అలవాటైన ఈ రూపం జరగబోయేదాన్ని చెబుతుంది గానీ, ఎవరు చేయాలో, చేసి తీరాలో లేదో చెప్పదు. ‘చెల్లించగలరు’ అనేదీ అంతే, మర్యాదకు రాసినా చెల్లించే శక్తి ఉందన్న అర్థం కూడా వస్తుంది. బాధ్యత ఉన్నచోట కర్తను ముందు పెట్టి, ‘అద్దెదారు ప్రతి నెల 5వ తేదీలోగా అద్దె చెల్లించవలెను’ అనాలి. ‘మస్ట్’ కూడా బాధ్యతే చెబితే దానికీ ఇదే రూపం సరిపోతుంది. ఒకచోట ‘వలెను’, ఇంకోచోట ‘తప్పక చేయాలి’ అని మారిస్తే, మొదటిది కాస్త సడలింపు ఉన్నదేమోనన్న వాదనకు మనమే చోటిచ్చినట్టు.

అయితే ప్రతి ‘షల్’ బాధ్యత కాదు. నిర్వచనాల్లో వచ్చేదాన్ని ‘అని అర్థం’ అంటే చాలు.

అసలు చిక్కు ‘మే’తోనే. తెలుగులో ‘వచ్చు’ అనుమతినీ చెబుతుంది, అవకాశాన్నీ చెబుతుంది. ‘యజమాని అద్దె పెంచవచ్చు’ అన్న వాక్యం హక్కు ఇస్తోందా, పెంచుతాడేమోనని హెచ్చరిస్తోందా? హక్కే అయితే ‘అద్దె పెంచే హక్కు యజమానికి ఉంటుంది’ అని విప్పి రాయడం మేలు.

దీనికి ‘నాట్’ తోడైతే మరింత జాగ్రత్త కావాలి. అద్దెదారు ఇంటిని సబ్‌లీజుకు ఇవ్వడం గురించి ‘మే నాట్’ అని ఉందనుకుందాం. ‘ఇవ్వకపోవచ్చు’ అని రాస్తే అది అతని ఇష్టమైపోతుంది, నిషేధం మాయమవుతుంది. అక్కడ ‘ఇవ్వరాదు’ అనే రాయాలి. ‘షల్ నాట్’, ‘మస్ట్ నాట్’ కూడా ‘రాదు’లోకే వస్తాయి. కానీ ‘నీడ్ నాట్’ రాదు. రంగులు వేయించనవసరం లేదన్న షరతును ‘వేయించరాదు’ అని రాస్తే, సొంత డబ్బుతో గోడలకు రంగు వేయించుకున్న అద్దెదారు ఒప్పందం ఉల్లంఘించినవాడవుతాడు.

అనువాదం పూర్తయ్యాక ఇంగ్లీషు ప్రతిని పక్కనపెట్టి, తెలుగు ప్రతిలో ప్రతి క్రియ దగ్గరా రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఈ పని చేయకపోతే ఒప్పందం తప్పినట్టా? చేస్తే తప్పినట్టా? మొదటిదానికి అవునంటే బాధ్యత, రెండోదానికి అవునంటే నిషేధం, రెండింటికీ కాదంటే అనుమతి. ఇంగ్లీషు మూలం ఇచ్చే జవాబుతో అది కలవకపోతే ఆ క్రియనే మళ్లీ రాయాలి.